తెల్ల మాసింగ్ మోడల్ నుంచి కాంక్రీట్, గాజు బిల్డింగ్ బొమ్మ: విశాఖ సైట్‌కి ఏ దారి మంచిది?

మాసింగ్ మోడల్ అంటే బిల్డింగ్ ఆకారం మాత్రమే ఉన్న తెల్ల దిమ్మె. ఎంత ఎత్తు, ఎంత వెడల్పు, ఎక్కడ లోపలికి తగ్గింది, ఎక్కడ బయటికి పొడుచుకొచ్చింది అన్నంతవరకే అది చెబుతుంది. క్లయింట్ మాత్రం కట్టిన తర్వాత ఎలా ఉంటుందో చూపించమంటాడు. ఆ తెల్ల బొమ్మని కాంక్రీట్, గాజు ఉన్న నిజమైన ఫొటోలా మార్చడానికి ఇప్పుడు మన చేతిలో మూడు దారులున్నాయి. మొదటిది బ్లెండర్, వి-రే లాంటి వాటిలో మెటీరియల్స్ వేసి పూర్తి రెండర్ చేయడం. రెండోది మోడల్ నుంచి ఏది ఎంత దూరంలో ఉందో చూపే డెప్త్ మ్యాప్, గీతల బొమ్మ తీసి, ఏఐని ఆ ఆకారానికి కట్టిపడేసే కంట్రోల్‌నెట్‌తో వాటిని ఏఐ ఇమేజ్ మోడల్‌కి ఇవ్వడం. మూడోది తెల్ల బొమ్మని నేరుగా ఏఐ ఎడిటర్‌లో పెట్టి, "దీన్ని కాంక్రీట్, గాజు బిల్డింగ్‌గా మార్చు" అని మాటల్లో చెప్పడం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గాజుని రెండర్‌తోనే చేయాలి. కాంక్రీట్ మీది మరకలు, చెట్లు, నేల, మనుషులు ఏఐకి వదిలేయొచ్చు. ఎందుకో అర్థం కావాలంటే ఒక సైట్ మీద మూడు దారుల్నీ పెట్టి చూడాలి.

ఉదాహరణకి ఒక సైట్

బీచ్ రోడ్డుకి ఒక వీధి లోపల, సముద్రం వైపు ముఖం ఉన్న చిన్న ఆఫీస్ బిల్డింగ్ అనుకుందాం. గ్రౌండ్ ప్లస్ నాలుగు. అంతస్తుకి 3.6 మీటర్లు, అంటే మొత్తం 18 మీటర్లు, పైన మీటరు పిట్టగోడ. ముందు వెడల్పు 24 మీటర్లు. దక్షిణం చివర లిఫ్టు, మెట్లు ఉన్న కాంక్రీట్ గోడ కింద నుంచి పై దాకా నిలబడి ఉంటుంది. మిగతా ముందు భాగమంతా పై నాలుగు అంతస్తుల్లో గాజు, గ్రౌండ్ ఫ్లోర్ కొంచెం లోపలికి. తెల్ల మోడల్‌లో ఇది రెండు దిమ్మెలు, అంతే.

ఇక్కడ ఆగి ఒక విషయం చూడాలి. ఆ తెల్ల దిమ్మెలో గాజు ఎక్కడుందో లేదు. స్లాబ్ ఎక్కడ ఆగిందో లేదు. లోపల గది కూడా లేదు, అంతా ఘనం. మనం చెప్పకపోతే ఏ సాఫ్ట్‌వేర్ అయినా తనకి తోచింది పెట్టుకుంటుంది. అందుకే ఏ దారిలో వెళ్లినా ముందు మోడల్‌లో కొంత పని చేయాలి. దిమ్మెని అంతస్తులుగా కోసి స్లాబ్ అంచులు చూపించండి. గాజు తలం స్లాబ్ అంచు కంటే కాస్త లోపలికి జరపండి. గాజు అరల మధ్య నిలువు పట్టీలు, అంటే ములియన్లు, ఒకటిన్నర మీటరుకి ఒకటి పెట్టండి. లిఫ్టు గోడ పోగా గాజుకి 21 మీటర్లు మిగిలితే అంతస్తుకి 14 అరలు, నాలుగు అంతస్తులకి 56. ఈ 56 అన్న లెక్క గుర్తుంచుకోండి, చివర్లో బొమ్మ సరిగ్గా వచ్చిందో లేదో దీంతోనే చూస్తాం. ఈ పని ఒక పూటలో అయిపోతుంది. ఇది ఎగ్గొట్టి బొమ్మ అందంగా రాలేదని సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకోవడం దండగ.

గాజు దగ్గరే అసలు పరీక్ష

పగలు బయట నుంచి చూస్తే గాజు ఎందుకు నల్లగా, లేకపోతే ఆకాశంలా కనిపిస్తుంది? ఎండలో బయట వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటుంది. ఆఫీస్ గదిలో కొన్ని వందలే. లోపలి నుంచి వచ్చే వెలుతురు అంత తక్కువ కాబట్టి, గాజు మీద తిరిగి పడే ఆకాశమే గెలుస్తుంది. ఎదురుగా నిలబడి చూస్తే మామూలు గాజు పలక సుమారు 8 శాతం వెలుతురునే తిప్పికొడుతుంది. అదే పక్క నుంచి వాలుగా చూస్తే ఆ శాతం బాగా పెరిగి దాదాపు అద్దంలా అవుతుంది. అందుకే ఒకే బిల్డింగ్‌లో మన ఎదురుగా ఉన్న అరల్లో లోపలి సీలింగ్, బ్లైండ్స్ కనిపిస్తాయి. దూరంగా, వాలుగా ఉన్న అరల్లో మాత్రం మబ్బులే కనిపిస్తాయి. ఈ మార్పు ఒక అర నుంచి ఇంకో అరకి క్రమంగా జరగాలి. కన్ను దీన్ని మాటల్లో పెట్టలేదు కానీ తేడా ఉంటే వెంటనే పట్టేస్తుంది.

రెండర్ ఇంజిన్ దీన్ని లెక్క కట్టి చేస్తుంది. బ్లెండర్ సైకిల్స్‌లో గాజుకి వక్రీభవన గుణకం `IOR` 1.52 ఇచ్చి, చుట్టూ నిజమైన ఆకాశం పెట్టి, గాజు వెనక స్లాబ్, సీలింగ్, వెనక గోడ, కొన్ని బ్లైండ్స్ పెడితే ఆ మార్పు దానంతటదే వస్తుంది. ఇందులో ఒక్కటి మానేసినా తెలిసిపోతుంది. వెనక ఏమీ లేకపోతే గాజు నల్ల రేకులా ఉంటుంది. ఆకాశం ఒకే రంగుగా ఉంటే గాజు నీలి పెయింట్‌లా ఉంటుంది. ఘనమైన దిమ్మె ముఖానికే గాజు మెటీరియల్ పూస్తే లావుపాటి గాజు ఇటుకలా వెలుతురు వంకర్లు తిరుగుతుంది.

ఏఐ మోడల్‌కి ఈ లెక్క తెలియదు. అది చూసిన వేల ఫొటోల్లో గాజు ఎలా ఉందో అలా వేస్తుంది. ఒక్కో అర విడిగా చూస్తే చాలా బాగుంటుంది. మొత్తం చూస్తే మూడో అంతస్తు గాజులో మబ్బు ఉంటుంది, దాని పక్క అరలో ఎక్కడిదో చెట్టు నీడ ఉంటుంది, ఎదురుగా అసలు చెట్టే ఉండదు. మన సైట్‌కి ఎదురుగా ఉన్నది సముద్రం. కంటి ఎత్తు నుంచి తీసిన వ్యూలో పై అంతస్తుల గాజు ఆకాశాన్ని చూపించాలి. ఏఐ ఎక్కువసార్లు అక్కడ పక్క బిల్డింగుల ప్రతిబింబం పెడుతుంది.

డెప్త్ మ్యాప్ ఎంత పట్టగలదు

రెండో దారి మీద చాలామందికి నమ్మకం ఎక్కువ. డెప్త్ మ్యాప్ ఇచ్చాం కాబట్టి ఆకారం మారదనుకుంటారు. పెద్ద ఆకారం నిజంగానే మారదు. చిన్నవే జారిపోతాయి, దానికి సూటి కారణం ఉంది.

డెప్త్ మ్యాప్ మామూలుగా 256 మెట్ల బూడిద రంగు బొమ్మ. కెమెరా నుంచి 20 మీటర్ల దగ్గర మొదలై 120 మీటర్ల దగ్గర ముగిసేలా పెట్టామనుకోండి. వంద మీటర్లని 256తో భాగిస్తే ఒక్కో మెట్టుకి దాదాపు 40 సెంటీమీటర్లు. గాజు కంటే 10 సెంటీమీటర్లు ముందుకొచ్చిన ములియన్ ఆ మ్యాప్‌లో లేనట్టే. హద్దుల్ని 30 నుంచి 70 మీటర్లకి కుదించినా మెట్టు 16 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. కాబట్టి డెప్త్ ఒక్కటే ఇస్తే 14 అరలు కాస్తా 11 అవుతాయి, లేదా 17 అవుతాయి, వాటి వెడల్పులు కూడా సమానంగా ఉండవు.

రెండో అడ్డంకి బొమ్మ సైజు. ఎస్‌డీఎక్స్‌ఎల్ లాంటి ఏఐ ఇమేజ్ మోడల్ సుమారు 1024 పిక్సెల్స్ దగ్గర పని చేస్తుంది. అందులో మన 24 మీటర్ల ముందు భాగం 700 పిక్సెల్స్ తీసుకుంటే, 5 సెంటీమీటర్ల ములియన్ వాటా ఒకటిన్నర పిక్సెల్. ఈ మోడల్ బొమ్మని లోపల ఎనిమిదో వంతుకి కుదించి ఆలోచిస్తుంది. 8 పిక్సెల్స్ ఒక గడి అయిన చోట ఒకటిన్నర పిక్సెల్ గీత నిటారుగా నిలబడటం కష్టం.

దీనికి మందు ఉంది. డెప్త్‌తో పాటు గీతల బొమ్మ కూడా ఇవ్వాలి. ఆ గీతల బొమ్మని తెల్ల రెండర్ నుంచి అంచులు పట్టే ఫిల్టర్‌తో తీయకండి. అది నీడల అంచుల్ని కూడా బిల్డింగ్ గీతలు అనుకుంటుంది. చజ్జా నీడ పడిన చోట ఏఐ ఇంకో స్లాబ్ కట్టేస్తుంది, అంతస్తులు పెరిగిన బొమ్మలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. స్కెచ్‌అప్‌లో అయితే నీడలు ఆపేసి `Hidden Line` స్టైల్‌లో ఎగుమతి చేయండి. బ్లెండర్‌లో అయితే `Freestyle` వాడండి. డెప్త్‌కి బ్లెండర్ `Mist` పాస్ వాడేవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. అందులో దగ్గరిది నలుపు, దూరానిది తెలుపు. కంట్రోల్‌నెట్ డెప్త్‌కి దీనికి తలకిందులుగా కావాలి, `Invert` చేయకపోతే ఆకాశం ముందుకొచ్చి బిల్డింగ్ గుంటలా అవుతుంది.

ఈ రెండూ కలిపి ఇలా మొదలుపెట్టొచ్చు. `weight` అంటే పట్టు ఎంత గట్టిగా ఉండాలో, `end` అంటే బొమ్మ తయారీలో ఆ పట్టు ఎంతవరకు ఉండాలో:

```
Depth    weight 0.6   end 0.6
Lineart  weight 0.9   end 0.9
Denoising strength 1.0
Prompt: five storey office, board-marked grey concrete
core, clear glass with slim dark mullions, morning sun,
coastal street, coconut palms
```

`Denoising strength` అంటే ఇచ్చిన బొమ్మని ఏఐ ఎంత మార్చొచ్చో చెప్పే విలువ. ఇక్కడ దాన్ని ఒకటి పెట్టడానికి కారణం తెలుపే. తెల్ల బొమ్మని ఆధారంగా తీసుకుని ఈ విలువ 0.4 పెడితే గోడ తెల్లగానే మిగిలిపోతుంది, సున్నం కొట్టిన గోడకి కాస్త గరుకు వచ్చినట్టు ఉంటుంది. 0.8కి పెంచితే కాంక్రీట్ వస్తుంది కానీ తెల్ల బొమ్మ నుంచి మనకి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. తెలుపుతో ఇంకో చిక్కు కూడా ఉంది. మాసింగ్ మోడల్‌లో తెల్ల మెటీరియల్ తన మీద పడిన వెలుతురులో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, కాంక్రీట్ మూడో వంతు చుట్టుపక్కలే. అందుకని తెల్ల మోడల్‌లో చజ్జా అడుగు భాగాలు వెలుగుతూ ఉంటాయి, నిజమైన కాంక్రీట్‌లో అవి బాగా చీకటిగా ఉంటాయి. తెల్ల బొమ్మ నీడల్నే పట్టుకుని వేసిన కాంక్రీట్ ఎప్పుడూ థర్మకోల్‌లా తేలికగా కనిపించేది అందుకే.

మాటలతో మార్చే దారి

మూడో దారి గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఫ్లక్స్ కాంటెక్స్ట్ లాంటి ఎడిటింగ్ మోడల్స్‌కి తెల్ల బొమ్మ ఇచ్చి, "కెమెరా, ఆకారం, అంతస్తుల లెక్క మార్చకుండా లిఫ్టు గోడ మాత్రం బూడిద కాంక్రీట్, మిగతా ముందు భాగం గాజు" అని రాస్తే నిమిషంలో బొమ్మ వస్తుంది. మొదటి చర్చకి ఇది చాలు. కాంక్రీట్ ముదురుగా ఉండాలా లేతగా ఉండాలా, గాజు స్లాబ్ అంచుదాకా రావాలా లోపలికి పోవాలా అన్నవి నాలుగు బొమ్మలు పక్కపక్కన పెట్టి తేల్చుకోవచ్చు. అయితే మార్చొద్దు అన్న మాటకి గ్యారంటీ లేదు. బొమ్మ మొత్తం చడీచప్పుడు లేకుండా కాస్త జరుగుతుంది లేదా సాగుతుంది. పిట్టగోడ ఎత్తు పెరుగుతుంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో అడగని తలుపు వస్తుంది. ఇంకోటి, ఆన్‌లైన్ సర్వీసుకి బొమ్మ పంపుతున్నామంటే క్లయింట్ డిజైన్ మన ఆఫీసు దాటి బయటికి వెళ్తున్నట్టే, ఆయన్ని ఒక మాట అడిగి పంపడం న్యాయం.

ఏ ఏఐ బొమ్మనైనా నమ్మే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఫొటోషాప్‌లోగానీ గింప్‌లోగానీ తెల్ల బొమ్మని కింద, కొత్త బొమ్మని పైన పెట్టి, పై లేయర్‌ని `Difference`లో పెట్టండి. అంచులు కలిసిన చోట గీత ఒక్కటే ఉంటుంది, జరిగిన చోట రెండు గీతలు జంటగా కనిపిస్తాయి. తర్వాత అరలు లెక్కపెట్టండి. 56 రావాలి.

విశాఖ ఎండ ఏ వైపు నుంచి వస్తుంది

ఇది మూడు దారులకీ వర్తిస్తుంది కానీ ఏఐ దారుల్లో ఎక్కువ నష్టం చేస్తుంది. బీచ్ దగ్గర బిల్డింగ్ అని రాస్తే చాలు, ఏఐ వెనక సముద్రంలో సూర్యాస్తమయం పెడుతుంది. విశాఖలో సూర్యుడు సముద్రం మీద ఉదయిస్తాడు, సాయంత్రం ఊరి వెనక కొండల వైపు దిగుతాడు. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచే మనిషికి ఆ బొమ్మ చూపిస్తే, ఇది మన ఊరు కాదని ఒక్క చూపులో చెప్పేస్తాడు.

బీచ్ రోడ్డు దగ్గర తీరం ఆగ్నేయం వైపు తిరిగి ఉంటుంది. మన బిల్డింగ్ ముఖం కూడా అంతే. మార్చి మూడో వారంలో ఉదయం 8 గంటలకి ఇక్కడ సూర్యుడు దాదాపు తూర్పున, సుమారు 27 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంటే ఎండ ముందు గోడ మీద ఒక పక్క నుంచి వాలుగా పడుతుంది, ములియన్లు, స్లాబ్ అంచులు చక్కటి నీడలు వేస్తాయి. అదే నెలలో మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ముందు భాగమంతా నీడలోకి వెళ్లిపోతుంది. జూన్‌లో ఉదయం 11 గంటలకి ఎండ దాదాపు నడినెత్తిన ఉంటుంది కాబట్టి గోడ మీద రాసుకుంటూ జారుతుంది, కాంక్రీట్ గరుకుతనం బాగా కనబడుతుంది కానీ గాజు చచ్చుగా ఉంటుంది. బ్లెండర్‌లో `Sun Position` యాడ్‌ఆన్‌లో 17.7 ఉత్తర అక్షాంశం, 83.3 తూర్పు రేఖాంశం, తేదీ, టైమ్, యూటీసీ తేడా 5.5 ఇస్తే సూర్యుడు తన చోటికి తానే వెళ్తాడు. ఏఐకి ఇది మాటల్లో చెప్పలేం. కుడి పక్క నుంచి ఎండ అని రాసినా సగంసార్లు పట్టించుకోదు. ఎండ పడిన రెండర్‌ని ఆధారంగా ఇస్తేనే అది ఆ నీడల్ని పట్టుకుంటుంది.

చెట్లు కూడా చూసుకోండి. ఏమీ చెప్పకపోతే దేవదారులు, ఎర్రాకుల మేపుల్ చెట్లు వస్తాయి. కొబ్బరి, సరుగుడు, బాదం అని విడిగా అడగాలి. గాజు విషయంలో ఇంకో మాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం తాకిన ఊరు ఇది. ఫ్రేమ్ కనిపించని పెద్ద పెద్ద గాజు పలకల్ని బొమ్మలో చూపిస్తే క్లయింట్ మొదట అడిగేది గాలికి ఇది ఆగుతుందా అనే. ఏఐ ములియన్లు మింగేసిన బొమ్మ ఇక్కడ అందంగా ఉన్నా పనికిరాదు.

రెండూ కలిపితే

నేను సలహా ఇచ్చేది ఈ క్రమం. అంతస్తులు, ములియన్లు ఉన్న మోడల్‌ని విశాఖ సూర్యుడితో సైకిల్స్‌లో రెండర్ చేయండి. గాజు పూర్తిగా, కాంక్రీట్ మాత్రం మామూలు బూడిద రంగుతో. కాంక్రీట్ మీద షటరింగ్ ప్లై గీతలు కూడా ఈ దశలోనే కొలత ప్రకారం వేయండి. ఎనిమిది బై నాలుగు అడుగుల షీట్‌ని అడ్డంగా పడుకోబెడితే ఎత్తు దాదాపు 1.2 మీటర్లు, 3.6 మీటర్ల అంతస్తుకి మూడు వరసలు. ఈ గీతలే చూసేవాళ్లకి బిల్డింగ్ ఎంత పెద్దదో చెబుతాయి. మామూలు టెక్స్చర్‌ని కొలత చూడకుండా అతికిస్తే ఐదంతస్తుల బిల్డింగ్ అరచేతి బొమ్మలా అయిపోతుంది. గోడ మూలల్ని ఒక సెంటీమీటరు వాలుగా కోసి చాంఫర్ ఇవ్వండి, ఎండ ఆ అంచు మీద సన్నగా మెరుస్తుంది.

రెండర్‌తో పాటు `Cryptomatte` పాస్ కూడా తీసుకుంటే గాజు, కాంక్రీట్, నేల దేనికది మాస్క్‌గా వస్తుంది. ఇప్పుడు గాజుని మాస్క్‌తో కప్పేసి, మిగతా దాని మీద ఏఐని `Denoising strength` 0.3 దగ్గర నడపండి, గీతల బొమ్మ పక్కనే ఉండాలి. ఈ విలువ దగ్గర ఆకారం కదలదు, కానీ ప్లై పోత తేడాలు, పిట్టగోడ కింద వాన నీటి చారలు, రోడ్డు దుమ్ము, ఆకుల గుంపులు వస్తాయి. చేత్తో చేస్తే రోజులు పట్టే పని ఇదే, ఏఐ బాగా చేసేది కూడా ఇదే. 0.45 దాటితే ప్లై గీతలు వంకర పోవడం మొదలవుతుంది, అక్కడే ఆపాలి.

ఎంచుకోవడం ఇప్పుడు సులువే. డిజైన్ ఇంకా తేలలేదు, వచ్చే మీటింగ్‌లో రంగులు, గాజు ఎంత అన్న చర్చ మాత్రమే ఉందంటే మూడో దారితో సరిపెట్టండి. ఆకారం తేలింది, క్లయింట్‌కి ఒకే ఒక్క వ్యూ కావాలి, టైమ్ లేదంటే డెప్త్, గీతలతో రెండో దారి. అదే బిల్డింగ్‌ని రెండు వైపుల నుంచి చూపించాలంటే మాత్రం రెండో దారి వద్దు. మొదటి వ్యూలో వచ్చిన కాంక్రీట్ మరక, గాజు రంగు రెండో వ్యూలో రావు, పక్కపక్కన పెడితే రెండు వేరే బిల్డింగుల్లా ఉంటాయి. అప్పుడు రెండర్, దాని మీద పలచగా ఏఐ.

అమ్మకాల బ్రోచర్‌కి వెళ్లే బొమ్మ అయితే ఇంకా కచ్చితంగా ఉండాలి. 2016 రెరా చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలోగానీ ప్రాస్పెక్టస్‌లోగానీ ఉన్న తప్పు సమాచారం నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్లకి ప్రమోటర్ పరిహారం ఇవ్వాలి. ఏఐ తనంతట తాను పెట్టిన ఒక బాల్కనీ అక్కడ చిన్న పొరపాటు కాదు. అలాంటి బొమ్మని పూర్తి రెండర్‌గానే ఇచ్చి, ఏఐని చెట్ల వరకే ఉంచండి.

మోడల్ కంప్యూటర్లో కాక ఫోమ్ బోర్డుతోనో మట్టితోనో చేసినదైతే డెప్త్ పాస్ ఉండదు. ఫొటో తీసి, డెప్త్ ఎనీథింగ్ లాంటి అంచనా మోడల్‌తో డెప్త్ తీసుకోవాలి. 1:200 మోడల్‌లో మనిషి కంటి ఎత్తు 8 మిల్లీమీటర్లు. ఫోన్‌ని తలకిందులు చేసి లెన్స్‌ని టేబుల్‌కి ఆనించినంత కిందకి తెచ్చి, దూరం జరిగి 2x జూమ్‌లో తీయండి. దగ్గర నుంచి వైడ్ లెన్స్‌లో తీస్తే పై అంతస్తులు వెనక్కి వాలిపోతాయి, ఆ వాలుని ఏఐ డిజైన్ అనుకుని అలాగే కట్టేస్తుంది.